పెంకుటింట్లోంచి ముందు వెళ్లినవాళ్లు

సభకు నమస్కారం. వేదికమీది పెద్దల పేర్లు మళ్లీ చదవను, మన్నించండి. టైము తక్కువ, చెప్పాల్సింది ఒక ఇంటి లెక్క: పాత సందులోకి డబ్బున్నవాళ్లు వస్తే, ఉన్న అద్దెదారులు ఎలా వెళ్లిపోతారన్నది.

ఇక్కడే విజయనగరంలో, కోట దగ్గర ఒక సందులో 200 గజాల పెంకుటిల్లు ఉందనుకుందాం. మూడు వాటాలు, వాటాకి నెలకి 3,000 అద్దె. ఏడాదికి 1,08,000. నూటికి 4 రాబడి చాలనుకునేవాడు దీనికి 27 లక్షలు పెడతాడు. అదే స్థలంలో నాలుగు ఫ్లాట్లు కట్టి, ఒక్కోటి 50 లక్షలకి అమ్మితే 2 కోట్లు. కట్టుబడికీ వడ్డీకీ 1 కోటి 20 లక్షలు, బిల్డర్ లాభం 30 లక్షలు తీసేయండి. స్థలానికి 50 లక్షలు మిగులుతాయి. ఆ 50కీ ఈ 27కీ మధ్య ఉన్న 23 లక్షలనే భూగోళ శాస్త్రవేత్త నీల్ స్మిత్ 1979లో ‘రెంట్ గ్యాప్’ అన్నాడు.

ఈ తేడా ఒక్కరోజులో పుట్టదు. అద్దె చాలదని ఓనరు పెంకు నేయించడు. వాన కారుతుంది, గోడ చెమ్మెక్కుతుంది. కాస్త స్తోమత ఉన్నవాళ్లు వేరే వాటా చూసుకుంటారు. అద్దె ఇంకా పడిపోతుంది, తేడా ఇంకా పెరుగుతుంది. ఇల్లు పాడుబడటమే పెట్టుబడికి దారి వేస్తుందన్నమాట.

మరి ఇలాంటి తేడా ఉన్న ప్రతి సందుకీ బిల్డర్ వస్తున్నాడా? రావడం లేదు. ఇక్కడే సంస్కృతి మాట వినాలి. సామాజిక శాస్త్రవేత్త షారన్ జూకిన్ న్యూయార్క్‌లోని సోహో పేటలో చూసింది ఇదే. మూతపడ్డ ఫ్యాక్టరీ అంతస్తుల్లో చిత్రకారులు కాపురం పెట్టారు. 1971లో నగరం దాన్ని చట్టబద్ధం చేసింది. ఆ తరవాత ఆ జీవితం మీద మోజు పడ్డ డబ్బున్నవాళ్లు వచ్చారు, చిత్రకారులకే అద్దె అందకుండా పోయింది. మన సందుకైతే కోట, సంగీత కళాశాల, సిరిమాను తిరిగే వీధి ఉన్నాయి. ‘కోటకి దగ్గర’ అన్న మాటే ఆ 50 లక్షల్ని 60 చేయగలదు. అంటే రుచి వచ్చి తేడాని పెంచుతుంది. పెట్టుబడే కారణమన్న వాదాన్నీ, సంస్కృతే కారణమన్న వాదాన్నీ కోడిపందెంలా నిలబెట్టి ‘ఏది గెలిచింది’ అని వ్యాసం ముగించడం నాకు నచ్చదు.

నా అసలు బాధ వేరే. నిర్వాసితులెందరని అడిగితే కూల్చిన రోజున ఉన్న మూడు కుటుంబాల్నే లెక్క రాస్తారు. నగర ప్రణాళికల పండితుడు పీటర్ మార్కూస్ 1985లోనే హెచ్చరించాడు: అదే వాటాలోంచి అంతకుముందు వెళ్లిపోయినవాళ్లనీ కలపాలి, ఇకమీదట ఆ సందులో అద్దెకి దిగలేనివాళ్లనీ కలపాలి. చెమ్మ గోడకి భయపడి పసిబిడ్డతో వెళ్లిన కుటుంబం ‘ఇష్టపడి వెళ్లింది’ అని రాస్తే ఎలా అండీ?

ఇక్కడున్న విద్యార్థులారా, ఒక సందు ఎంచుకోండి. పదేళ్ల కిందటి ఓటర్ల జాబితా, ఇప్పటిది పక్కపక్కన పెట్టండి. ఇంటి నంబరు వారీగా పోయిన పేర్లు గుర్తుపెట్టండి. చనిపోయినవాళ్లని, పెళ్లై వెళ్లినవాళ్లని పక్కింటివాళ్లని అడిగి తీసేయండి. ఓటు మార్చుకోని అద్దెదారులు ఇందులో దొరకరు, వాళ్లకోసం కిరాణా కొట్టు ఖాతా పుస్తకం చూపించమని అడగండి. మిగిలిన ప్రతి పేరు ఎదురుగా రెండే రాయండి: ఏ ఏడు వెళ్లారు, అప్పటికి పెంకు నేయించి ఎన్నేళ్లయింది.