పైకి వెళ్తున్న ధర కిందికి తెగేది ఎందుకు? అప్‌ట్రెండ్‌లో రైజింగ్ వెడ్జ్

[తెర మీద: ఖాళీ డైలీ చార్ట్. 320 నుంచి 418 దాకా ఎక్కి, అక్కడి నుంచి 400కు తగ్గిన ధర.]

ఈ చార్ట్‌లో ఉన్నది మనం లెక్క కోసం అనుకున్న షేరు. 320 దగ్గర మొదలై 418 దాకా బలంగా ఎక్కింది, కాస్త తగ్గి 400 దగ్గర ఆగింది. ఆ 400 తాకిన రోజును ఒకటో రోజు అనుకుందాం. ఇక్కడి నుంచి 33 ట్రేడింగ్ రోజులు ఏం జరిగిందో చూద్దాం.

[తెర మీద: ఒక్కొక్క మలుపూ వరసగా కనిపిస్తుంది.]

ఏడో రోజుకి 442. పదమూడో రోజుకి 424కు దిగింది. పద్దెనిమిదో రోజు 453, ఇరవై మూడో రోజు 444, ఇరవై ఎనిమిదో రోజు 463. ప్రతి శిఖరం ముందుదాని కంటే ఎత్తులో ఉంది, ప్రతి అడుగు ముందుదాని కంటే పైన ఉంది. అప్‌ట్రెండ్ అంటే పుస్తకంలో చెప్పే నిర్వచనం ఇదే. అందుకే లాంగ్‌లో ఉన్నవాళ్ళకి ఇందులో అనుమానించాల్సినదేమీ కనపడదు.

ఇప్పుడు తేడాలు లెక్కపెట్టండి. అడుగులు 24 రూపాయలు, తర్వాత 20 రూపాయలు పైకి జరిగాయి. శిఖరాలు మాత్రం 11, ఆ తర్వాత 10 రూపాయలే పెరిగాయి. ఎక్కిన దూరాలు చూస్తే 42, 29, 19. కొనేవాళ్ళు ధర తగ్గేదాకా ఆగకుండా ముందే తొందరపడి కొంటున్నారు, అందుకే అడుగులు త్వరగా లేస్తున్నాయి. కానీ పైన అమ్మేవాళ్ళు దాదాపు కదలడం లేదు. ఒక్కో ఎక్కుడికి పెట్టే తొందర పెరుగుతోంది, దక్కే దూరం తగ్గుతోంది.

[తెర మీద: కింది గీత, పై గీత గీస్తారు. రెండూ కుడివైపు దగ్గరవుతాయి.]

అడుగులను కలిపే గీత రోజుకి 2 రూపాయలు లేస్తుంది. శిఖరాలను కలిపే గీత రోజుకి 1 రూపాయే. ఏడో రోజు రెండిటి మధ్య దూరం 30 రూపాయలు, ఇరవై ఎనిమిదో రోజుకి 9. రెండు గీతలూ పైకే వాలి ఉండాలి, కింది గీత వాలు ఎక్కువగా ఉండాలి. అదే రైజింగ్ వెడ్జ్. పై గీత అడ్డంగా ఉంటే అది అసెండింగ్ ట్రయాంగిల్, దాని స్వభావం వేరు. రెండూ సమాంతరంగా ఉంటే అది ఛానెల్. కనీసం ఒక గీతకి మూడు, రెండోదానికి రెండు తాకుళ్ళు లేకపోతే నేనైతే దాన్ని వెడ్జ్ అని పిలవను. సాధారణంగా లోపల వాల్యూమ్ కూడా తగ్గుతూ వస్తుంది.

ఒక జాగ్రత్త. ఏడాది, రెండేళ్ళ చార్ట్ మీద గీస్తుంటే లాగ్ స్కేల్, మామూలు స్కేల్ రెండూ మార్చి చూడండి. మామూలు స్కేల్‌లో సమాంతరంగా ఎక్కే ఛానెల్ లాగ్ స్కేల్‌లో సన్నబడుతూ వెడ్జ్‌లా కనిపిస్తుంది. ధర పెరిగేకొద్దీ అదే రూపాయల వెడల్పు శాతంలో చిన్నదవుతుంది కదా. అలా పుట్టిన వెడ్జ్‌ని నమ్మి షార్ట్ చేస్తే ఆరోగ్యంగా ఉన్న ట్రెండ్‌కి ఎదురు నిలిచినట్టే.

[తెర మీద: 29 నుంచి 31వ రోజు దాకా దగ్గరగా.]

అసలు విషయం ఇక్కడ ఉంది. కింది గీత రోజుకి 2 రూపాయలు లేస్తోంది కాబట్టి, దాని పైన నిలవాలంటే ధర కూడా రోజూ ఎక్కుతూనే ఉండాలి. ముప్పయ్యో రోజు గీత 458 దగ్గర ఉంది, ధర 459 దగ్గర ముగిసింది. మర్నాడు గీత 460కి చేరింది, ధర మళ్ళీ 459 దగ్గరే ముగిసింది. ధర ఒక్క రూపాయి కూడా పడలేదు, కానీ వెడ్జ్ తెగింది! ఎర్ర క్యాండిల్ లేదు, వార్త లేదు, కంగారు లేదు. బుల్స్ ఆ సాయంత్రం చార్ట్ చూసి "ఒకరోజు విశ్రాంతి తీసుకుంది" అనుకుంటారు.

ముప్పై రెండో రోజు 449 దగ్గర ముగిసింది. అప్పటికీ చాలామంది కదలరు, ఎందుకంటే చివరి అడుగు 444 ఇంకా నిలిచే ఉంది. హయ్యర్ హై, హయ్యర్ లో లెక్క ప్రకారం ట్రెండ్ బతికే ఉంది. గత నెలంతా ప్రతి చిన్న దిగుడులో కొన్నవాళ్ళకి లాభం వచ్చింది కాబట్టి ఈ దిగుడులో కూడా కొంటారు. ఒక్కోసారి ఇక్కడే యావరేజ్ కూడా చేస్తారు.

[తెర మీద: 444 దగ్గర అడ్డగీత. దాని కింద స్టాప్‌లాస్ గుర్తులు గుంపుగా.]

ఇప్పుడు 444 కింద ఏముందో చూడండి. ఇరవై మూడో రోజు తర్వాత కొన్న ప్రతి ఒక్కరి కొనుగోలు ధరా 444 పైనే ఉంది. కాబట్టి 444 తెగిన క్షణంలో ఆ పది రోజుల కొనుగోళ్ళన్నీ ఒకేసారి నష్టంలోకి జారతాయి. కింద నుంచి పట్టుకొస్తున్నవాళ్ళు తమ స్టాప్‌లాస్‌ని అడుగులతో పాటు జరుపుకుంటూ 444 కిందకి తెచ్చి ఉంటారు. వెడ్జ్ సన్నబడేకొద్దీ స్టాప్‌లు కూడా ఒకే చోటుకి చేరతాయి. అవన్నీ అమ్మకపు ఆర్డర్లే. అందుకే నెల పట్టి ఎక్కిన దూరాన్ని ధర కొద్ది రోజుల్లో దిగుతుంది.

ముప్పై మూడో రోజు ధర 439 దగ్గర తెరుచుకుంది అనుకోండి. స్టాప్‌లాస్‌ని ట్రిగ్గర్ 444, లిమిట్ 443 అని పెట్టినవాళ్ళ ఆర్డర్ ట్రిగ్గర్ అవుతుంది కానీ అమ్ముడుపోదు. 443కి కొనేవాడు లేడు మరి. ఆర్డర్ అలాగే వేలాడుతుంటే ధర కిందికి పోతుంది. గ్యాప్ వచ్చే అవకాశం ఉన్నచోట లిమిట్‌కి వెడల్పు ఇవ్వాలి, లేదా స్టాప్‌లాస్ మార్కెట్ ఆర్డర్ వాడాలి. అది 439 చుట్టుపక్కల అమ్ముతుంది. నష్టం కాస్త ఎక్కువే, కానీ బయటపడతారు.

[తెర మీద: లాంగ్ ఉన్నవాళ్ళకి.]

లాంగ్ ఉంటే, రెండు దశల్లో బయటికి రావడం మంచిది. కింది గీత కింద క్లోజింగ్ వచ్చినప్పుడు సగం, 444 తెగితే మిగతా సగం. రోజు మధ్యలో గీత కిందికి వెళ్ళి, మళ్ళీ లోపల ముగిసిన దిగుళ్ళను లెక్కలోకి తీసుకోకండి. అవి తరచూ వస్తాయి.

[తెర మీద: షార్ట్ చేసేవాళ్ళకి.]

షార్ట్ చేసేవాళ్ళు ఒక తప్పు ఎక్కువగా చేస్తారు. తెగిన గీత దాకా ధర వెనక్కి వస్తే అమ్ముదామని ఎదురుచూస్తారు. ఆ గీత పైకి లేస్తూనే ఉందని మరచిపోతారు. ముప్పై నాలుగో రోజుకి అది 466కి చేరుతుంది, అంటే 463 శిఖరం కంటే పైన. ధర అక్కడికి వచ్చిందంటే కొత్త శిఖరం కట్టిందన్నమాట, అప్పుడు షార్ట్ ఆలోచనే తప్పు. రీటెస్ట్ చూడాల్సింది ఆ వాలుగీత దగ్గర కాదు, తెగిన 444 అడ్డగీత దగ్గర.

లెక్క చూద్దాం. రీటెస్ట్ కోసం ఆగకుండా ముప్పై రెండో రోజు ముగింపులోనే 449కి షార్ట్, స్టాప్ 464, షేరుకి నష్టం 15. మొదటి మజిలీ 424, అక్కడిదాకా 25 వస్తుంది. వెడ్జ్ మొదలైన 400 పూర్తి లక్ష్యం, అక్కడిదాకా 49. మీరు 6000 నష్టానికి సిద్ధపడితే 400 షేర్లు. మన మార్కెట్లో క్యాష్ విభాగంలో షార్ట్‌ని ఆ రోజే ముగించాలి, మర్నాటికి తీసుకెళ్ళాలంటే ఫ్యూచర్స్ కావాలి. ఆ షేరు లాట్ 400 కంటే పెద్దదైతే స్టాప్‌ని దగ్గరికి జరపకండి, ఆ ట్రేడ్ వదిలేయండి. 464 కింద పెట్టిన ఏ స్టాప్ అయినా 463 శిఖరాన్ని మళ్ళీ తాకే ఒక్క మామూలు కదలికతో ఎగిరిపోతుంది.

[తెర మీద: అదే వెడ్జ్, ఈసారి పైకి తెగుతుంది.]

వెడ్జ్ పైకి కూడా తెగుతుంది, అది అరుదేమీ కాదు. ముఖ్యంగా మొత్తం మార్కెట్ బలంగా ఉన్నప్పుడు. ముప్పై రెండో రోజున పై గీత 467 దగ్గర ఉంటుంది. దాని పైన పెరిగిన వాల్యూమ్‌తో క్లోజింగ్ వస్తే, అమ్మేవాళ్ళ సరుకు అయిపోయిందని అర్థం. 400 లక్ష్యం ఆ రోజే చెరిపేయాలి. ఇంకో సందర్భం: 444 తెగిన తర్వాత రెండు మూడు రోజుల్లోపే ధర మళ్ళీ దాని పైన ముగిస్తే, చిక్కుకుంది ఈసారి షార్ట్ చేసినవాళ్ళు. 464 స్టాప్ దాకా ఆగకుండా అక్కడే కవర్ చేసుకోండి.