పొడవాటి వ్యాసం నుంచి ఐదు ట్యాగులు: తెలుగులో లెక్క ఎక్కడ తప్పుతుంది

[తెరపై: వరి పురుగుల మీద 1,200 మాటల వ్యాసం కిందికి జరుగుతూ ఉంటుంది]

వరిలో కాండం తొలుచు పురుగు మీద ఒక వ్యాసం ఉంది. దీన్ని ఐదు ట్యాగుల్లోకి కుదించాలి. ఎక్కువసార్లు వచ్చిన మాటలు ఏరితే సరిపోదా? సరిపోదు. అలా ఏరితే "ఈ", "ఆ", "కూడా" ముందు నిలబడతాయి. ఈ వ్యాసంలో తరచుగా రావాలి, మిగతా వ్యాసాల్లో అరుదుగా ఉండాలి. అలాంటి మాట కావాలి మనకు. అరుదుదనాన్ని ఇలా లెక్కలోకి తెచ్చే పద్ధతిని 1972లో కంప్యూటరు శాస్త్రవేత్త కేరెన్ స్పార్క్ జోన్స్ ప్రతిపాదించారు. మాట ఎన్నిసార్లు వచ్చిందో దాన్ని ఈ అరుదుదనంతో గుణించడాన్ని ఇప్పుడు టీఎఫ్-ఐడీఎఫ్ అంటున్నాం.

[తెరపై: మార్కు = ఈ వ్యాసంలో ఎన్నిసార్లు × log10(మొత్తం వ్యాసాలు ÷ ఆ మాట ఉన్న వ్యాసాలు)]

మన దగ్గర 1,000 వ్యవసాయ వ్యాసాలు ఉన్నాయనుకుందాం. "ఈ" అన్నిట్లోనూ ఉంటుంది. 1,000ని 1,000తో భాగిస్తే 1, దాని లాగ్ సున్నా. ఇక 40 సార్లు వచ్చినా మార్కు సున్నాయే. "వరి" ఇక్కడ 30 సార్లు వచ్చింది, మొత్తం 400 వ్యాసాల్లో ఉంది: సుమారు 11.9. "తెల్లకంకి" ఆరు సార్లే వచ్చింది, కానీ పది వ్యాసాల్లోనే కనిపిస్తుంది: 12. ఆరు సార్లు వచ్చిన మాట ముప్పై సార్లు వచ్చినదాన్ని దాటేసింది.

అయితే ఆ 12 రావాలంటే ఒక పని ముందే జరగాలి. తెలుగులో విభక్తి మాటకే అంటుకుంటుంది.

[తెరపై: తెల్లకంకులు 3, తెల్లకంకులను 2, తెల్లకంకిలో 1]

కంప్యూటరుకు ఇవి మూడు వేరు మాటలు. "తెల్లకంకులు" అనే రూపం ఎనిమిది వ్యాసాల్లో ఉంటే దాని మార్కు 6.3కి పడిపోతుంది. అదే సమయంలో ఇంకెక్కడా లేని ఒక తప్పు స్పెల్లింగు ఈ వ్యాసంలో మూడుసార్లు పడితే దానికి 9 వస్తుంది! ట్యాగుల్లో అచ్చుతప్పులు కనిపించాయంటే కారణం ఇదే. కనీసం రెండు వ్యాసాల్లో లేని మాటను పక్కన పెట్టండి.

అన్ని రూపాలనూ మూలరూపానికి తేవాలి. చివరి "లో", "ను", "కు"లను గుడ్డిగా కోయకండి. "కిలో"లో "లో" కోస్తే "కి" మిగులుతుంది. కోశాక మిగిలినది పదాల జాబితాలో ఉంటేనే కోతను ఒప్పుకోవాలి, లేకపోతే మాటను అలాగే వదిలేయాలి. బహువచనాలకు చిన్న పట్టిక రాసుకోవడం మేలు, ఎందుకంటే "కంకులు" నుంచి "లు" తీస్తే "కంకు" వస్తుంది గానీ "కంకి" రాదు.

పైథాన్‌లో సైకిట్-లెర్న్ వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. దాని మామూలు అమరిక గుణింతపు గుర్తులనూ సున్ననూ పొల్లునూ అక్షరాలుగా లెక్కించదు, అక్కడ మాటను విరిచేస్తుంది, ఒంటి అక్షరపు ముక్కలను వదిలేస్తుంది. "తెల్లకంకి" ఇస్తే "లక" ఒక్కటే మిగులుతుంది. అమరిక ఇలా మార్చండి:

```python
TfidfVectorizer(
    token_pattern=r"[\u0C00-\u0C7F\u200C]+",
    ngram_range=(1, 3), min_df=2)
```

దీని సూత్రం కొంచెం వేరు. లాగ్‌కు 1 కలుపుతుంది కాబట్టి "ఈ", "కూడా" సున్నాకు దిగవు, వాటిని stop_words జాబితాలో మనమే ఇవ్వాలి.

[తెరపై: కాండం తొలుచు పురుగు]

ఇక పదబంధాల సంగతి. పైన `ngram_range`లో 3 పెట్టింది ఇందుకే. "కాండం తొలుచు పురుగు" తొమ్మిది సార్లు వచ్చింది, 20 వ్యాసాల్లో ఉంది: 15.3. ఒంటరిగా "పురుగు" 25 సార్లు, 250 వ్యాసాల్లో: 15.1. రెండూ పై వరుసలో నిలబడి ఒకే సంగతికి రెండు స్థానాలు తినేస్తాయి. అందుకని బంధాన్ని ఎంచుకున్నాక అందులోని తొమ్మిది "పురుగు"లను తీసేసి మళ్లీ లెక్కించాలి. మిగిలిన 16కు 9.6 వస్తుంది, "వరి" కంటే కిందికి దిగుతుంది.

[తెరపై: వరి | కాండం తొలుచు పురుగు | తెల్లకంకి | మొవ్వు ఎండడం | లింగాకర్షక బుట్ట]

ఈ ఐదింటిలో పంట ఉంది, పురుగు ఉంది, పిలకల దశలో ఒకటి, కంకి దశలో ఒకటి చొప్పున రెండు లక్షణాలున్నాయి, పురుగు ఉనికిని పసిగట్టే సాధనం ఉంది. "వరి" విస్తృతమైన మాటే. అయినా ఉంచాలి, ఎందుకంటే పాఠకుడు వెతకడం మొదలుపెట్టేది దానితోనే.

లెక్కకు అందనివీ ఉన్నాయి. వ్యాసంలో "సస్యరక్షణ" అనే మాటే లేకపోతే ఏరడం ద్వారా అది రాదు. ముందే సిద్ధం చేసుకున్న విషయాల జాబితా నుంచి మనిషి చేర్చాలి. ఇంకా జాగ్రత్త పడాల్సింది "వద్దు" దగ్గర. "ఈ దశలో గుళికలు వేయవద్దు" అని వ్యాసం పదిసార్లు చెబితే, ట్యాగుగా "గుళికలు" పైకొస్తుంది, "వద్దు" రాలిపోతుంది. ట్యాగు చూసి వచ్చిన రైతు సరిగ్గా తలకిందులుగా అర్థం చేసుకునే ప్రమాదముంది. ప్రతి ట్యాగు మాట వ్యాసంలో వచ్చిన వాక్యాలను రెండు మూడు చదివి, వాటిలో "వద్దు", "కాదు", "అక్కర్లేదు" ఉంటే ఆ ట్యాగును తీసేయండి, లేదా "గుళికల జాగ్రత్తలు" అని మార్చి రాయండి.