ఏఐ వీడియోలో షాపు బాగానే వస్తుంది, బోర్డే ఎందుకు పాడవుతుంది?

స్వీట్ షాపు వీడియో కావాలని అడిగితే షాపు బ్రహ్మాండంగా వస్తుంది, జిలేబీ మీద పాకం కూడా మెరుస్తుంది. తలెత్తి బోర్డు చూస్తే మాత్రం అది తెలుగూ కాదు, కన్నడమూ కాదు. దీనికి అందరూ ఇచ్చే సలహా ఒకటే: పేరుని కొటేషన్లలో పెట్టు, మళ్లీ జనరేట్ చెయ్యి. వింటేనే నాకు చిరాకు, ఎందుకంటే క్రెడిట్లు కరిగిపోతాయి తప్ప బోర్డు బాగుపడదు.

బోర్డు మీద "శ్రీ లక్ష్మీ స్వీట్స్" అని రావాలనుకుందాం. తమిళం చదవడం రాని మనిషికి చెన్నై బస్సు బోర్డులు వేలకొద్దీ చూపించి, ఇప్పుడు నువ్వొకటి గియ్యి అన్నామనుకోండి. వంపులు, లావు, రంగు అన్నీ తమిళంలాగే గీస్తాడు. తమిళం వచ్చినవాడు చూస్తే ఒక్క ముక్క అర్థం కాదు. మోడల్ చేసేదీ అదే, దానికి అక్షరం అంటే ఒక రకం ఆకారం, అంతే. పైగా అది చూసిన వీడియోల్లో ఇంగ్లీషు బోర్డులతో పోలిస్తే తెలుగు బోర్డులు చాలా తక్కువ.

[స్క్రీన్ మీద: "క్ష్మీ" పెద్దగా]

దీన్ని చూడండి. క, కింద ష వత్తు, దాని పక్కన మ వత్తు, పైన గుడి దీర్ఘం, ఇదంతా ఒక్క అక్షరం. ఇప్పుడు వీడియో మోడల్ పిక్సెళ్లతో నేరుగా పని చెయ్యదు, ముందు బొమ్మని కుదిస్తుంది. ఉదాహరణకి వాన్ 2.1 అనే ఓపెన్ మోడల్‌లో అడ్డంగా 8, నిలువుగా 8 పిక్సెళ్లు కలిసి ఒక గడి అవుతాయి, కాలంలో కూడా సుమారు 4 ఫ్రేములు కలిసి ఒకటవుతాయి. 720 రిజల్యూషన్ వీడియోలో బోర్డు మీద ఒక అక్షరం 40 పిక్సెళ్ల ఎత్తు ఉంటే దానికి నిలువుగా దక్కేది 5 గడులు, ఆ 5 గడుల ఎత్తులోనే గుడి, క, రెండు వత్తులు ఇరుక్కోవాలి. జిలేబీకి ఇది సమస్య కాదు, వంపు కాస్త అటూ ఇటూ అయినా జిలేబీ జిలేబీయే. మ వత్తు జరిగితే మాత్రం లక్ష్మి లక్ష్మి కాదు.

అంటే మన బస్సు బోర్డు మనిషి చదువు రానివాడే కాదు, కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు. కెమెరా కదిలినప్పుడు అదే బోర్డుని కొత్త కోణంలో గియ్యాలి, అసలు బోర్డు ఎలా ఉందో చూసుకోవడానికి అతని దగ్గర కాగితం లేదు. అందుకే లోగో బొమ్మని మొదటి ఫ్రేముగా ఇచ్చినా మొదట్లో బాగానే ఉంటుంది, ఎవరో బోర్డు ముందు నుంచి నడిచి వెళ్లగానే వెనక నుంచి ఇంకో లోగో బయటికొస్తుంది. ఇంగ్లీషులో ఒకటి రెండు పెద్ద మాటలు కొత్త మోడళ్లు చాలాసార్లు సరిగానే రాస్తున్నాయి, కాదనను, కానీ క్లయింట్ పేరు చాలాసార్లు సరిగా వస్తే సరిపోదు కదా.

కాబట్టి బోర్డు ఖాళీగా అడగండి.

```
Indian sweet shop at dusk, plain blank maroon
board above the counter, people stay below
the board, locked-off static shot
```

ఇందులోనే "no text" అని రాయకండి, text అన్న మాట కనపడగానే అక్షరాలు గీసే మోడళ్లున్నాయి. నెగటివ్ ప్రాంప్ట్ పెట్టె వేరుగా ఉంటే అక్కడ ఇవి రాయండి:

```
text, letters, subtitles, watermark, logo
```

కెమెరా ఎందుకు కదలకూడదంటే, కదలని షాట్ మీద పేరు అతికించడం నిమిషాల పని. జనం బోర్డు కింద ఎందుకుండాలంటే, తల అడ్డొస్తే ఆ తల చుట్టూ మాస్క్ కట్టుకుంటూ కూర్చోవాలి. కెమెరా కదలాల్సిందేనంటే బోర్డు నాలుగు మూలలూ షాట్ అంతా ఫ్రేములోనే ఉండేలా అడగండి, ట్రాకింగ్‌కి అవే ఆధారం.

టైమ్ అయిపోతోంది, ఎడిటింగ్ గబగబా చెప్పేస్తా. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ప్రిఫరెన్సెస్‌కి వెళ్లి టైప్ కింద టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకునే వీలు మీ వెర్షన్‌లో ఉంటే దాన్ని సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కి మార్చండి, లేదంటే వత్తులు విడిపోయి ఏఐ బోర్డుకంటే ఘోరంగా ఉంటుంది. ఫాంట్ రామభద్ర లాంటి లావుది తీసుకోండి. కెమెరా కదిలితే అందులోనే వచ్చే మోకా అనే ట్రాకింగ్ ప్లగిన్‌తో బోర్డుని ట్రాక్ చేసి, పేరుని నాలుగు మూలలకీ కార్నర్ పిన్ చెయ్యండి. తర్వాత అక్షరాలకి కొంచెం బ్లర్, వీడియోలో ఉన్నంత గ్రెయిన్ కలపండి. తెల్లటి అక్షరాలైతే తెలుపు కాస్త తగ్గించండి, సాయంత్రం వెలుతురులో స్వచ్ఛమైన తెలుపు ఉండదు, అతికించినట్టు దొరికిపోయేది అక్కడే. రీల్ కోసం అయితే టైటిల్ కింద భాగంలో వద్దు, అక్కడ యాప్ బటన్లూ క్యాప్షనూ వచ్చి కూర్చుంటాయి.