దీపాలు పెట్టే వేళ: తులా లగ్నమా, వృశ్చికమా?

శ్రోతలకు నమస్కారం.

"దీపాలు పెట్టే యాల్లకు పుట్టిండు. బర్లు అప్పుడే ఇంటికొచ్చినయ్." దేవరకొండ వైపు ఊళ్లల్లో పుట్టిన వేళ అడిగితే పెద్దమ్మలు చెప్పే జవాబు ఇట్లాగే ఉంటుంది. మే 14న అట్లా పుట్టిన ఒక మగపిల్లవాడి జాతకాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

ఆ రోజు సూర్యుడు మేషం దాటి వృషభంలోకి అడుగుపెట్టబోతుంటాడు. సూర్యుడు అస్తమించేటప్పుడు ఆయనకు ఎదురుగా ఉన్న రాశిభాగం తూర్పున ఉదయిస్తుంది. పుట్టిన వేళకు తూర్పున ఉదయించే రాశే లగ్నం. నల్లగొండ ప్రాంతంలో ఆ పూట అస్తమయం సుమారు 6:35కి. దానికి ముందు తులా లగ్నం, తర్వాత వృశ్చికం. తల్లి చెప్పిన వేళ సరిగ్గా ఈ రెండింటి సంధి మీద పడింది.

ఇక ఏ లగ్నమో తేల్చడానికి అతని జీవిత ఘటనలు అడగాలి, తేదీలతో సహా. ముందుగా దశల సంగతి, అంటే జీవితంలో ఒక్కో గ్రహం ఏలే కాలాల సంగతి. వింశోత్తరి దశ చంద్రుడి నక్షత్రం నుంచి వస్తుంది గనుక అరగంట తేడాకు లగ్నం మారినా దశల వరుస సాధారణంగా మారదు, తేదీలు మాత్రం జరుగుతాయి. శుక్ర మహాదశలో పుడితే అరగంటకు ఐదు నెలలు, రవి దశలో అయితే నెలన్నర. అందుకే మహాదశలోని చిన్న భాగమైన అంతర్దశ మారే అంచున ఉన్న ఘటనను పక్కన పెట్టాలి.

చాలామంది పొరపడేది ఘటనల ఎంపికలోనే. ఇల్లు కట్టిన తేదీతో ఇక్కడ ఏమీ తేలదు. ఇంటిని చూపేది లగ్నం నుంచి నాలుగో రాశి. తులకు అది మకరం, వృశ్చికానికి కుంభం, రెండింటికీ అధిపతి శనే. శుక్ర అంతర్దశలో పెళ్లి జరిగితే వృశ్చికానికి పెళ్లిని చూపే ఏడో స్థానాధిపతి శుక్రుడని సంబరపడకూడదు. ఆయన ఏ లగ్నానికైనా కళత్రకారకుడే, అంటే భార్యను సూచించే గ్రహమే. గురు అంతర్దశలో సంతానం కలిగినా అంతే, గురువు పుత్రకారకుడు.

లగ్నాన్ని విడదీసే ఘటన వేరే ఉంది. ఈ అబ్బాయి బుధ అంతర్దశ నడుమ దుబాయి పోయాడనుకోండి. తులకు బుధుడు తొమ్మిది, పన్నెండు స్థానాలకు అధిపతి, అంటే దూరప్రయాణానికీ పరదేశానికీ. వృశ్చికానికైతే ఎనిమిది, పదకొండు. తండ్రి గురు అంతర్దశలో చనిపోయాడనుకోండి. తుల నుంచి పితృస్థానమైన తొమ్మిదో రాశి మిథునం, దానికి ఏడో రాశి ధనుస్సు, అక్కడ గురువే మారకుడు, అంటే మరణాన్ని సూచించేవాడు. వృశ్చికం నుంచి పితృస్థానం కర్కాటకం, దాని మారకులు రవి, శని. రెండు ఘటనలూ తుల వైపే మొగ్గాయి.

ఇంతటితో ఆగకూడదు. ముందే రెండు ఘటనలు దాచిపెట్టుకుని, తుల ఖాయం చేశాక వాటితో పరీక్షించాలి. అవి కుదరకపోతే కొత్త సూత్రం వెతకడం తప్పు. సరిపోయేదాకా సూత్రాలు మారుస్తూ పోతే ఏ లగ్నమైనా సరిపోతుంది.

రాశిలో తొమ్మిదో వంతు నవాంశ. అస్తమయానికి కాస్త ముందు ఉదయించే తుల చివరి నవాంశ మిథునం, సుమారు పద్నాలుగు నిమిషాలు నడుస్తుంది. కాబట్టి జాతకం మీద "6:20కీ 6:35కీ మధ్య, ఘటనలతో సవరించినది" అని రాయండి. 6:27 అని మాత్రం రాయొద్దు. రేపు ఆ కాగితం చూసేవాళ్లు దాన్ని ఆసుపత్రి గడియారం చూసి రాసిన టైమనుకుంటారు.