ఒక్క స్లైడు, రెండు నిమిషాలు: స్పీకర్ నోట్స్ రివ్యూ

నమస్తే అండీ, విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి రివ్యూకి తీసుకున్నది ఒక్కటంటే ఒక్క స్లైడు. అదీ ఫైలు కాదు, స్క్రీన్‌షాట్. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూసే ఆవిడ పంపారు. ఎడమ పక్క బార్ చార్ట్, కుడి పక్క మూడు బుల్లెట్లు. భాగస్వాముల ముందు ఈ స్లైడు మీద రెండు నిమిషాలు మాట్లాడాలి. నోట్స్ తను రాసుకున్నవి ఉన్నాయి, సరిచూడమన్నారు. అసలు అంకెలు బయటపెట్టొద్దన్నారు కాబట్టి వాటిని మార్చి చెబుతున్నాను.

ముందు స్లైడు చూద్దాం. ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా రెండు నెలలకొక బార్. శీర్షిక ‘నిల్వ బస్తాలు’. బుల్లెట్లు ఇవి: ఏప్రిల్‌లో నిల్వ గరిష్ఠం, డిసెంబరుకి సగం, డిసెంబరులో రెండు చాంబర్లు ఆపవచ్చు.

ఇక ఆవిడ నోట్స్. మొదటి బుల్లెట్‌కి నలభై సెకన్లు, రెండోదానికి నలభై, మూడోదానికి నలభై. మొత్తం రెండు నిమిషాలు. కాగితం మీద లెక్క కుదిరింది. కానీ చార్ట్‌కి ఒక్క సెకను కూడా లేదు. స్లైడు తెరమీదకి రాగానే జనం కళ్లు పోయేది చార్ట్ మీదికే. వాళ్లు బార్లు చూస్తూ ఇదేంటా అని ఆలోచిస్తుంటే మనం బుల్లెట్ చదువుతుంటాం. మన మొదటి రెండు వాక్యాలూ గాల్లో కలిసిపోతాయి.

ఇంకోటి, మాటల లెక్క. నోట్స్ మొత్తం 260 మాటలు. నేను తెలుగులో నలుగురికి అర్థమయ్యేలా, గొంతు విప్పి చదివితే నిమిషానికి 90 మాటలు దాటవు, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని చూసుకున్నాను. ఇంగ్లీషుకి చెప్పే 130, 150 లెక్క మనకి పనికిరాదు, మన మాటలు పొడుగు. 90 చొప్పున 260 మాటలంటే దాదాపు మూడు నిమిషాలు. పైగా ఆవిడ ‘56,240’ అని రాశారు. రాతలో అది ఒక్క మాట. నోటితో అనండి: యాభై ఆరు వేల రెండు వందల నలభై. ఆరు మాటలు! ఇలాంటి అంకెలు నాలుగుంటే చాలు, పది సెకన్లకి పైగా ఎగిరిపోతాయి. అందుకే నోట్స్‌లో 56 వేలు అనే రాయించాను. ఎవరైనా అడిగితే చెప్పడానికి పూర్తి అంకె పక్కన చిన్నగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ చార్ట్‌లో పక్క గీత సున్నా నుంచి కాదు, 20 వేల నుంచి మొదలైంది. ఏప్రిల్ 56 వేలు, డిసెంబరు 28 వేలు. అంటే డిసెంబరు సరిగ్గా సగం. కానీ తెరమీద ఏప్రిల్ బార్ ఎత్తు 36 వేలంత, డిసెంబరు ఎత్తు 8 వేలంత. చూసేవాళ్లకి పావు వంతు కూడా లేనట్టు కనిపిస్తుంది. పక్కనే బుల్లెట్ ‘సగం’ అంటుంది. భాగస్వాముల్లో ఒకరైనా ‘అదెలా సగం అమ్మా?’ అని ఆపుతారు. గీతని సున్నా నుంచి మొదలుపెట్టడమే సరైన మందు. కానీ స్లైడ్లు ముందే అందరికీ పంపేశారట. ఇక ఆ పని నోట్సే చేయాలి.

బార్ల మీద అంకెలు లేవు కాబట్టి, నోట్స్ చదవకముందు స్క్రీన్‌షాట్‌లో అడ్డగీతలు చూసి ఏప్రిల్ 55 వేలు అనుకున్నాను. ఆవిడని అడిగితే 56 వేలు అన్నారు. స్క్రీన్‌షాట్ చూసి నోట్స్ రాసేటప్పుడు అడగకుండా ఏ అంకే రాయకండి. ముందు స్లైడులో ఏముంది, వెనక స్లైడులో ఏముంది అన్నదీ అడగాలి. బొమ్మలో అవేవీ ఉండవు.

నేను మళ్లీ రాసింది చదువుతాను. ఈ స్లైడు ప్రసంగంలో నాలుగో నిమిషం దగ్గర మొదలవుతుంది. అందుకని ‘25 సెకన్లు’ అని రాయలేదు, గడియారం చూపించే సమయమే రాశాను. ప్రెజెంటర్ వ్యూలో పైన తిరిగే టైమర్ మొత్తం ప్రసంగానిది కదా, స్లైడుది కాదు. ఓరకంట చూసి పోల్చుకోవడానికి అదే తేలిక.

4:00. అయిదు సెకన్లు ఏమీ మాట్లాడవద్దు. తర్వాత: ‘ఇది మన స్టోరేజీలో రెండు నెలలకొకసారి చూసిన నిల్వ బస్తాల లెక్క. కింద నెలలు, పక్కన వేలల్లో బస్తాలు. ఒక్క విషయం గమనించండి, ఈ స్కేలు సున్నా నుంచి కాదు, 20 వేల నుంచి మొదలవుతోంది.’

4:25. ఏప్రిల్ బార్ చూపించాలి. ‘ఏప్రిల్‌లో 56 వేల బస్తాలు. నాలుగు చాంబర్లూ కలిపితే పట్టేది 60 వేలు. యార్డు నుంచి సరుకు పోటెత్తే రోజుల్లో మనకి ఖాళీ లేదు.’ ఇక్కడ కుండలీకరణంలో ఇంకో వాక్యం ఉంది, ఆ నెలలో లారీలు గేటు బయట నిలబడ్డ సంగతి. కుండలీకరణం ఎందుకంటే, గడియారం ముందుకెళ్లిపోతే దాన్ని వదిలేయాలి. ఏది వదలాలో అక్కడ నిలబడి ఆలోచించలేం, ఇంట్లోనే తేల్చుకోవాలి.

4:55. డిసెంబరు బార్ మీదికి చెయ్యి. ‘బొమ్మలో చిన్నగా కనిపిస్తోంది గానీ ఇది ఏప్రిల్‌లో సగం, 28 వేలు. సగం సరుకు కోసం నాలుగు చాంబర్లూ చల్లగా ఉంచుతున్నాం.’ తర్వాత మూడు సెకన్లు ఆగాలి. కరెంటు బిల్లు అందరికీ గుర్తొచ్చేది ఆ మూడు సెకన్లలోనే.

5:20. ‘ఒక్కో చాంబర్‌లో 15 వేలు పడతాయి. 28 వేలకి రెండు చాలు. మిగతా రెండూ డిసెంబరులో ఆపుదామని నా ప్రతిపాదన. సరుకు మార్చడానికయ్యే హమాలీ ఖర్చు తర్వాతి స్లైడులో చెబుతాను.’ ఆ చివరి వాక్యం కావాలనే పెట్టాను. బస్తాలు ఊరికే నడిచి వెళ్లవు, హమాలీ ఎంత అవుతుందన్నది కచ్చితంగా వచ్చే ప్రశ్న.

5:50. తర్వాతి స్లైడు. పది సెకన్లు మిగిలాయి, వాటిని మాటలతో నింపవద్దు.

బుల్లెట్లని ఎక్కడా చదవలేదు చూశారా? ప్రతి బుల్లెట్‌కీ ఒక బార్ తోడు ఉంది, చెయ్యి బార్ మీదికి పోతుంది, బుల్లెట్‌ని వాళ్లే చదువుకుంటారు.

సాధనకి ఒక హెచ్చరిక. పవర్‌పాయింట్‌లో `Rehearse Timings` నొక్కి సాధన చేస్తే చివర్లో ఆ సమయాలు దాచమంటారా అని అడుగుతుంది. అవునంటే, అసలు రోజున స్లైడ్లు ఆ సమయానికి వాటంతట అవే మారిపోతాయి. నాకు ఒకసారి అలా జరిగింది, వాక్యం సగంలో ఉండగా స్లైడు వెళ్లిపోయింది. `Slide Show` ట్యాబ్‌లో `Use Timings` టిక్కు తీసేయండి.

నిన్న రాత్రి ఆవిడ ఫోన్ చేశారు. మొదటిసారి చదివితే రెండు నిమిషాల 14 సెకన్లు పట్టిందట. ఎక్కడ పోయిందని అడిగితే, లారీల వాక్యం దగ్గర తెలియకుండానే ఇంకో రెండు ముక్కలు కలిపానన్నారు. అది వదిలేసి మళ్లీ చదివితే 1:52 వచ్చింది.