బందరు రోడ్డు మీద మైనస్ గుర్తులు ఎన్ని?

అందరికీ నమస్కారం. ముందుగా, ఏది దేన్ని మారుస్తుందో బాణాలతో చూపే ఒక తప్పు బొమ్మను బోర్డు మీద గీస్తాను. విజయవాడ రద్దీ గురించి ఎవరిని గీయమన్నా దాదాపు ఇలాగే గీస్తారు. ‘రోడ్డు విస్తీర్ణం’ నుంచి ‘వాహనాలు’కి ఒక బాణం, అక్కడి నుంచి ‘రద్దీ’కి ఒకటి, తిరిగి ‘రోడ్డు విస్తీర్ణం’కి ఇంకొకటి. అన్నింటి మీదా ప్లస్. ఇది విషవలయం, అంతే కదా అంటారు. కాదు. ఎందుకు కాదో చూద్దాం.

బాణం మీద ప్లస్ అంటే మంచి అని కాదు. మిగతావేవీ మారకపోతే, మొదటిది పెరిగినప్పుడు రెండోది కూడా పెరుగుతుందని, తగ్గితే తగ్గుతుందని అర్థం. మైనస్ అంటే ఎదురు దిశలో కదులుతుందని. బాణాలు తిరిగి మొదటికే చేరితే అది చక్రం. దాని చుట్టూ తిరిగి మైనస్‌లు లెక్కపెట్టాలి. సరిసంఖ్యలో ఉంటే, లేదా అసలు లేకపోతే, అది మొదలైన మార్పును ఇంకా పెంచే పెంపు చక్రం. బేసి సంఖ్యలో ఉంటే మార్పును వెనక్కి లాగే అదుపు చక్రం.

ఇప్పుడు తప్పు బొమ్మకు వద్దాం. రోడ్డు వెడల్పు చేయగానే వాహనాలు వాటంతట అవి పుట్టవు. మధ్యలో ‘ప్రయాణ సమయం’ ఉంది, దాన్నే మనం మింగేశాం. కంకిపాడు నుంచి బందరు రోడ్డు మీదుగా బెంజ్ సర్కిల్‌కు వచ్చే వ్యక్తిని తీసుకోండి. ఆయన చూసేది రోడ్డు వెడల్పు కాదు, చేతి గడియారం. కాబట్టి ప్రయాణ సమయాన్ని బోర్డు మధ్యలో రాద్దాం.

మొదటి చక్రం ఇది. ప్రయాణ సమయం పెరిగితే రోడ్డు వేయాలన్న ఒత్తిడి పెరుగుతుంది, ప్లస్. ఒత్తిడి పెరిగితే రోడ్డు సామర్థ్యం పెరుగుతుంది, ప్లస్. సామర్థ్యం పెరిగితే సమయం తగ్గుతుంది, మైనస్. ఒకే మైనస్, కాబట్టి అదుపు చక్రం. రెండోది: సమయం తగ్గితే సొంత బండి మీద వెళ్లాలన్న మొగ్గు పెరుగుతుంది, మైనస్. మొగ్గు పెరిగితే బండ్ల రాకపోకలు, అవి పెరిగితే మళ్లీ సమయం పెరుగుతాయి, రెండూ ప్లస్. ఇక్కడా ఒకే మైనస్, ఇదీ అదుపు చక్రమే!

ఇది పేరులో తేడా మాత్రమే కాదు. విషవలయం బొమ్మ నిజమైతే రద్దీ అంతులేకుండా పెరుగుతూ పోవాలి. మన బొమ్మ చెప్పేది వేరు: జనం ఓర్చుకునే సమయం ఒకటి ఉంటుంది, కొత్త రోడ్డు దాన్ని కిందికి లాగితే రెండో చక్రం తిరిగి దాని దగ్గరికే లాక్కొస్తుంది. ఎక్కువ మంది ప్రయాణిస్తారు, కానీ ఒక్కొక్కరికి పట్టే సమయం పాత చోటికి చేరువవుతుంది.

మరి ప్రారంభోత్సవం రోజున అంత హాయిగా ఎందుకుంటుంది? ఆలస్యం వల్ల. ఏ బాణం పని చేయడానికి కాలం పడుతుందో దాని మీద రెండు అడ్డగీతలు పెడతాం. బెంజ్ సర్కిల్ మొదటి ఫ్లైఓవర్ 2020లో తెరుచుకుంది. జాతీయ రహదారి మీద సాగిపోయే లారీలు పైకెక్కితే, బందరు రోడ్డు వాహనాలకు కింద కాస్త చోటు దొరుకుతుంది. అలా దారి సులువైనచోట, మార్గం మార్చుకోవడానికి జనానికి వారాలు చాలు. ‘ఇప్పుడు దగ్గరే కదా’ అని పెనమలూరు దాటి స్థలం కొని ఇల్లు కట్టడానికి ఏళ్లు పడుతుంది. ఫలితాన్ని మొదటి నెలలో కొలిచినవారికి ఒక జవాబు, అయిదేళ్ల తర్వాత కొలిచినవారికి మరో జవాబు వస్తాయి. ఇద్దరూ అబద్ధం ఆడరు.

అసలైన పెంపు చక్రం ఇంకోచోట ఉంది, బస్సులో. ఒక మార్గంలో గంటకు 6 బస్సులు నడుస్తున్నాయనుకోండి. బస్సుకీ బస్సుకీ మధ్య 10 నిమిషాలు, అంటే సగటు ఎదురుచూపు 5 నిమిషాలు. కొందరు బండ్లు కొనుక్కున్నారు, టికెట్ల రాబడి తగ్గింది, బస్సులు 4కి దిగాయి. ఎదురుచూపు ఏడున్నర నిమిషాలైంది. ఇంకొందరు విసిగి బండి కొన్నారు, బస్సులు 3 అయ్యాయి. ఇప్పుడు 10 నిమిషాలు. మైనస్‌లు లెక్కపెట్టండి: బండ్లు పెరిగితే బస్సు ప్రయాణికులు తగ్గడం ఒకటి, బస్సులు తగ్గితే ఎదురుచూపు పెరగడం రెండోది. రెండు మైనస్‌లు, పెంపు చక్రం. దీనికి ఆగే చోటంటూ సొంతంగా లేదు. అయితే ఇదే చక్రం వెనక్కీ తిరుగుతుంది: బస్సులు పెంచితే ఎదురుచూపు తగ్గి, ప్రయాణికులు పెరిగి, రాబడి వస్తుంది.

ఒక చిక్కు కూడా చెప్పాలి. ‘బండ్ల కొనుగోళ్లు’ నుంచి ‘బండ్ల సంఖ్య’కు ప్లస్ పెడతాం. కొనుగోళ్లు తగ్గితే సంఖ్య తగ్గుతుందా? తగ్గదు, పెరుగుదల నెమ్మదిస్తుందంతే. తొట్టిలో పంపు సన్నగా పెడితే నీళ్లు తగ్గనట్టు. ఇలా పోగుపడే వాటి దగ్గర గుర్తును మాటల్లో విడమర్చి చదవాలి. ఏ చక్రం ఎంత బలమైనదో కూడా ఈ బొమ్మ చెప్పదు, దానికి అంకెలు కావాలి.

బోర్డు మీద ఆటో ఇంకా లేదు. షేర్ ఆటో బస్సు ప్రయాణికుడిని తీసుకుపోతుంది, బస్సు రాని చోట అతన్ని ఇంటికీ చేరుస్తుంది. దాని బాణాలకు ఏ గుర్తులు పెడతారు? ముందు వరుసలో ఎవరైనా లేచి సుద్దముక్క తీసుకోండి.