ఏం చేస్తారో ఒక్క వాక్యంలో చెప్పండి

అందరికీ నమస్కారం. ఫాలోవర్లు, రీల్స్ జోలికి నేను వెళ్లను. ఇవాళ బయోలో మొదటి వాక్యం గురించి మాత్రమే మాట్లాడతాను.

కూకట్‌పల్లిలో ఒకావిడ ఇంట్లోనే మగ్గం పెట్టుకుని పెళ్లి బ్లౌజులు చేస్తున్నారనుకోండి. పని చక్కగా ఉంటుంది, ఫొటోలూ బాగుంటాయి. ఇన్‌స్టాగ్రామ్ బయో మాత్రం ఇలా ఉంది: "మీ కలలకు రూపం ఇస్తాం. అందమే మా అభిరుచి. ఆర్డర్లకు డీఎం చేయండి."

ఇదే బయోని కేకులు చేసేవారి పేరు కింద పెట్టండి, సరిపోతుంది. మేకప్ ఆర్టిస్టు కింద పెట్టినా సరిపోతుంది. పేరు, ఫొటోలు మూసేసి చదివితే పని ఏంటో తెలియడం లేదంటే ఆ వాక్యాన్ని ఎంత ఇష్టపడి రాసుకున్నా తీసేయాల్సిందే.

ఆ పేజీకి వచ్చే మనిషి ఎవరు? అక్క పెళ్లి దగ్గర పడుతున్న అమ్మాయి. ఎక్కడో ఒక రీల్ చూసి పేరు మీద నొక్కింది. ఆమెకు కావలసింది ఇక్కడ చేస్తారా, ఎక్కడ ఉంటారు, పెళ్లిలోపు ఇస్తారా అన్నది.

"మగ్గం వర్క్ చేస్తాం" అని రాస్తే కొంత నయం, కానీ చాలదు. కొన్నిచోట్ల గుడ్డ మీద వర్క్ మాత్రమే చేసి ఇస్తారు, కుట్టించుకోవడానికి మళ్లీ టైలర్ దగ్గరకు పరుగెత్తాలి. మన ఆవిడ రెండూ చేస్తారు. అది చెప్పకపోవడం వల్లే రోజూ ఇన్‌బాక్స్‌లో "స్టిచింగ్ కూడా చేస్తారా అండీ?" అన్న ప్రశ్న వస్తుంది. ఒకే ప్రశ్న పదే పదే వస్తోందంటే దాని జవాబు బయోలో లేదన్నమాట. ఇక "హైదరాబాద్" అని రాసి ఊరుకుంటే కుదరదు. ఎల్‌బీ నగర్ నుంచి కొలతలివ్వడానికి రావాల్సిన మనిషికి ఏరియా పేరు కావాలి.

అప్పుడు బయో ఇలా అవుతుంది:

"పెళ్లి బ్లౌజులకు మగ్గం వర్క్ చేసి, కొలతలకు కుట్టి ఇస్తాం. కూకట్‌పల్లి. మూడు వారాల ముందు ఆర్డర్ ఇవ్వండి."

ఇన్‌స్టాగ్రామ్ బయోకి 150 అక్షరాల పరిమితి ఉంది. ఇది అందులో హాయిగా పట్టేస్తుంది. "బెస్ట్", "ప్రీమియం", "ప్యాషన్" లాంటివి ఒక్కటీ లేవు, వాటి లోటూ లేదు. చేసి, కుట్టి, ఇస్తాం అనే క్రియలే భారమంతా మోస్తున్నాయి. మీ వాక్యంలో క్రియ లేకపోతే ముందు దాన్ని వెతకండి.

బయో కన్నా పైన, బోల్డ్‌లో కనిపించే నేమ్ అనే గడి కూడా ఉంటుంది. చాలామంది అందులో షాపు పేరు మాత్రం పెట్టి వదిలేస్తారు. ఆ గడిలోని మాటలను ఇన్‌స్టాగ్రామ్ సెర్చ్ చూస్తుంది. కాబట్టి షాపు పేరు పక్కన Maggam Work Kukatpally అని చేర్చండి. తెలుగువాళ్లమే అయినా ఫోన్‌లో చాలామందిమి ఇంగ్లిష్ అక్షరాల్లోనే వెతుకుతాం కనుక ఇక్కడ అవే ఉండనివ్వండి. 64 అక్షరాల వరకు పడుతుంది. అయితే 14 రోజుల్లో రెండుసార్లకు మించి మార్చనివ్వదు, అందుకని ముందు కాగితం మీద రాసుకుని చూడండి.

వంకర తిరిగిన స్టైలిష్ ఫాంట్లు మాత్రం దయచేసి వాడొద్దు. అవి చూడటానికి ఇంగ్లిష్ అక్షరాల్లా ఉన్నా, ఫోన్‌కి వేరే గుర్తులు. చూపు లేనివారికి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాటి దగ్గర తడబడుతుంది, కొన్నిసార్లు దాటేస్తుంది.

లింక్డ్‌ఇన్‌లో ఈ పని చేసేది హెడ్‌లైన్. 220 అక్షరాలు ఇస్తుంది కదా అని నింపేయకండి. మీరు ఎక్కడైనా కామెంట్ పెడితే పేరు కింద దాని మొదటి ముక్కే కనిపిస్తుంది, మిగతాది తెగిపోతుంది. అమీర్‌పేటలో అకౌంట్స్ చూసే ఒకబ్బాయి హెడ్‌లైన్ "సీనియర్ ఎగ్జిక్యూటివ్" అని ఉంటే ఎవరికీ ఏమీ తెలియదు. "అవకాశాల కోసం చూస్తున్నాను" అని మొదలుపెడితే కనిపించే ఆ కాస్త చోటూ పోతుంది. ఉద్యోగం వెతుక్కోవడంలో తప్పేమీ లేదు, అది చివర్న ఉండొచ్చు. రిక్రూటర్లు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే వెతుకుతారు కాబట్టి అతను ఇలా రాసుకోవచ్చు:

Accountant: GST returns and monthly books for small businesses, Tally Prime, Hyderabad

పని పేరు ముందు వచ్చింది, ఎవరికి చేస్తాడో తర్వాత వచ్చింది, వాడే సాఫ్ట్‌వేర్, ఊరు చివర్లో. ఎక్కడ తెగినా అప్పటిదాకా చదివింది అర్థమవుతుంది.

రెండు పనులు చేసేవాళ్లు ఇక్కడ తప్పక ఉంటారు. పగలు ఉద్యోగం, సాయంత్రం ఫొటోగ్రఫీ. రెండూ ఒకే వాక్యంలో ఇరికించకండి. లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోగ్రఫీ రాయండి.

ఇప్పుడు ఫోన్లు తీసి, మీ వాక్యాన్ని పక్కన కూర్చున్న, మీకు పరిచయం లేని మనిషికి ఒక్కసారి చదివి వినిపించండి. వాళ్లు "ఎంత తీసుకుంటారు?" అని అడిగితే వాక్యం కుదిరినట్టే. "అంటే ఏం చేస్తారు?" అని అడిగితే, మీరు వాళ్లకు నోటితో చెప్పే జవాబునే వెంటనే టైప్ చేసుకోండి.